ఎక్కినచోట కూడిక, దిగినచోట తీసివేత: వేల రేంజ్ మార్పులను తేడాల అరేతో ఒక్క చుట్టులో పూర్తి చేయడం

హనుమకొండలో నా దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఒకచోట ఆగిపోతారు. మొన్న ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. "సార్, శాంపిల్ కేసులన్నీ కరెక్టే వస్తున్నాయి. సబ్మిట్ చేస్తే మాత్రం టైమ్ లిమిట్ దాటింది అంటోంది. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు, టెన్షన్‌గా ఉంది" అంది. కోడ్ చూశాను. తప్పు ఎక్కడా లేదు. ప్రశ్న ఏం అడిగిందో అదే రాసింది. 2 లక్షల గడుల అరే ఉంది, 2 లక్షల ఆదేశాలు ఉన్నాయి. ప్రతి ఆదేశం "ఈ గడి నుంచి ఆ గడి దాకా అన్నిటికీ ఇంత కలుపు" అంటుంది. ఆ అమ్మాయి ఆదేశం వచ్చినప్పుడల్లా లోపలి లూప్‌తో ఒక్కో గడికీ కలుపుతూ పోయింది.

ఆ లెక్క వేసి చూపించాను. ప్రతి ఆదేశం దాదాపు మొత్తం అరేను తాకితే 2 లక్షలు గుణించు 2 లక్షలు, అంటే 4,000 కోట్ల కూడికలు. సి++ లాంటి వేగమైన భాషలో కూడా సెకనుకు సుమారు 10 కోట్ల చిన్న పనులు అనుకుంటే 400 సెకన్లు పడుతుంది. పైథాన్‌లో అంతకంటే చాలా ఎక్కువ. ఇలాంటి ప్రశ్నలకు ఇచ్చే గడువేమో ఒకటి రెండు సెకన్లు. అదే పనిని 6 లక్షల చిన్న పనుల్లో ముగించే దారి ఉంది. దాన్ని డిఫరెన్స్ అరే అంటారు. నేను తేడాల అరే అంటాను, ఎందుకంటే అందులో ఉండేది అదే.

ఈ పద్ధతిని రెండు లైన్ల సూత్రంగా బట్టీపట్టడం తేలిక. అలా బట్టీపట్టినవాళ్లే రేంజ్ చివర ఎక్కడ తీసివేయాలన్న దగ్గర పదేపదే తప్పు చేస్తారు. అందుకే నేను సూత్రంతో మొదలుపెట్టను, బస్సుతో మొదలుపెడతాను.

## బస్సులో ఎంతమంది ఉన్నారు?

హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే ఆర్టీసీ బస్సు తీసుకుందాం. లెక్క కోసం దారిలో ఈ స్టేజీలే పెట్టుకుందాం: హనుమకొండ 0, హసన్‌పర్తి 1, ఎల్కతుర్తి 2, హుజూరాబాద్ 3, కేశవపట్నం 4, మానకొండూర్ 5, కరీంనగర్ 6. స్టేజీలు ఏడు, వాటి మధ్య ముక్కలు ఆరు. 0వ ముక్క అంటే హనుమకొండ నుంచి హసన్‌పర్తి దాకా. 5వ ముక్క అంటే మానకొండూర్ నుంచి కరీంనగర్ దాకా.

ఆ ట్రిప్పులో తెగిన టికెట్లు ఇవి అనుకుందాం. సంఖ్యలు నేను ఊహించి పెట్టినవి.

- హనుమకొండ నుంచి కరీంనగర్: 18
- హనుమకొండ నుంచి హుజూరాబాద్: 14
- హసన్‌పర్తి నుంచి హుజూరాబాద్: 5
- ఎల్కతుర్తి నుంచి కరీంనగర్: 7
- హుజూరాబాద్ నుంచి మానకొండూర్: 6
- హుజూరాబాద్ నుంచి కరీంనగర్: 11

ప్రశ్న ఒక్కటే: ప్రతి ముక్కలో బస్సులో ఎంతమంది ఉన్నారు?

ఆ అమ్మాయి పద్ధతిలో అయితే మొదటి టికెట్టు తీసుకొని ఆరు ముక్కలకూ 18 చొప్పున కలపాలి. రెండోది తీసుకొని మూడు ముక్కలకు 14 కలపాలి. ఇలా టికెట్టు టికెట్టుకూ దారంతా నడవాలి. కానీ కండక్టరు చేసే పని ఇది కాదు కదా. ఒక మనిషి హనుమకొండలో ఎక్కితే ఒకసారి లెక్క పెరుగుతుంది, హుజూరాబాద్‌లో దిగితే ఒకసారి తగ్గుతుంది. మధ్యలో హసన్‌పర్తిలోనూ ఎల్కతుర్తిలోనూ ఆ మనిషి వల్ల మారేది ఏమీ లేదు, కూర్చొనే ఉన్నాడు. అందుకని ప్రతి టికెట్టుకూ రెండే గుర్తులు చాలు: ఎక్కిన స్టేజీ దగ్గర ప్లస్, దిగిన స్టేజీ దగ్గర మైనస్.

ఏడు గడులు గీసి అన్నీ సున్నాతో మొదలుపెట్టి గుర్తులు వేద్దాం. హనుమకొండ దగ్గర 18, 14 కలిసి +32. హసన్‌పర్తి దగ్గర +5. ఎల్కతుర్తి దగ్గర +7. హుజూరాబాద్ దగ్గర రెండూ జరుగుతాయి: 14, 5 కలిపి 19 మంది దిగారు, 6, 11 కలిపి 17 మంది ఎక్కారు, కాబట్టి గడిలో −2. కేశవపట్నంలో ఎవరూ ఎక్కలేదు, దిగలేదు, 0. మానకొండూర్‌లో −6. కరీంనగర్‌లో 18, 7, 11 కలిపి −36.

| స్టేజీ | తేడా | తర్వాతి ముక్కలో జనం |
|---|---|---|
| 0 హనుమకొండ | +32 | 32 |
| 1 హసన్‌పర్తి | +5 | 37 |
| 2 ఎల్కతుర్తి | +7 | 44 |
| 3 హుజూరాబాద్ | −2 | 42 |
| 4 కేశవపట్నం | 0 | 42 |
| 5 మానకొండూర్ | −6 | 36 |
| 6 కరీంనగర్ | −36 | 0 |

మూడో నిలువు వరుస ఎలా వచ్చిందో చూడండి. పైనుంచి కిందికి తేడాలను కూడుకుంటూ వచ్చాం, అంతే. 32, దానికి 5 కలిపితే 37, దానికి 7 కలిపితే 44, రెండు తగ్గితే 42. దీన్నే ప్రిఫిక్స్ సమ్ అంటారు. ఏదో ఒక ముక్కను విడిగా సరిచూసుకోండి: ఎల్కతుర్తి దాటాక హుజూరాబాద్ దాకా బస్సులో ఉన్నది 18, 14, 5, 7. మొత్తం 44. సరిపోయింది.

హుజూరాబాద్ గడిని కాస్త ఆగి చూడమని పిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను. అక్కడ 36 మంది కదిలారు, గడిలో మిగిలింది −2 మాత్రమే. ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అన్న వివరం గడిలో కరిగిపోయింది. ముక్కల్లో జనం ఎంత అన్నదే మనకు కావాలి కాబట్టి ఆ వివరం పోయినా నష్టం లేదు. ఆదేశాలను ఏ వరుసలో ఇచ్చినా జవాబు మారకపోవడానికి కూడా ఇదే కారణం. కరీంనగర్ టికెట్లు ముందు చదివినా, హుజూరాబాద్ టికెట్లు ముందు చదివినా గడిలో మొత్తం అదే.

కోడ్‌లో ఇలా ఉంటుంది:

```python
stages = 7
tickets = [(0,6,18), (0,3,14), (1,3,5),
           (2,6,7), (3,5,6), (3,6,11)]

d = [0] * stages
for a, b, k in tickets:
    d[a] += k
    d[b] -= k

load, s = [], 0
for i in range(stages - 1):
    s += d[i]
    load.append(s)
print(load)   # [32, 37, 44, 42, 42, 36]
```

టికెట్టు ఎంత దూరానిదైనా రెండే రాతలు. 2 లక్షల ఆదేశాలకు 4 లక్షల రాతలు, చివర్లో ఒక్కసారి 2 లక్షల కూడికలు. నేను మొదట చెప్పిన 6 లక్షలు ఇవే.

## మెస్ లెక్క బస్సు లెక్క కాదు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఇదే పద్ధతిని హాస్టల్ మెస్‌కు వాడదాం. నలుగురు బంధువులు 3వ తారీఖు నుంచి 7వ తారీఖు దాకా మెస్‌లో తింటారని చెప్పారు. మనం మామూలుగా "3 నుంచి 7 దాకా" అంటే 7వ తారీఖు కూడా తింటారనే అర్థం. మైనస్ ఎక్కడ పడాలి?

బస్సులో "హుజూరాబాద్ దాకా" టికెట్టు తీసుకున్నవాడు హుజూరాబాద్ స్టేజీలోనే లెక్కలోంచి పోతాడు. 3వ ముక్క హుజూరాబాద్‌లో మొదలవుతుంది, అప్పటికే అతను దిగిపోయాడు. కాబట్టి మైనస్ సరిగ్గా చివరి సంఖ్య దగ్గరే పడింది. మెస్‌లో 7వ తారీఖు వాళ్లు ఇంకా తింటున్నారు. లెక్క తగ్గేది 8వ తారీఖున. కాబట్టి మైనస్ 8 దగ్గర పడాలి. మొదటి రోజు `l`, చివరి రోజు `r`, కలపాల్సిన సంఖ్య `v` అనుకుంటే:

```
d[l] += v
d[r + 1] -= v
```

పుస్తకాల్లోనూ పోటీ ప్రశ్నల్లోనూ ఎక్కువగా కనిపించేది ఈ రెండో రూపమే. చాలామంది `r + 1` అని బట్టీపట్టి బస్సు లాంటి ప్రశ్నలోనూ అదే రాస్తారు. ఇంకొందరు బస్సు లెక్క నేర్చుకొని మెస్‌లో `r` దగ్గరే తీసేస్తారు. నేను చెప్పే అలవాటు ఒకటే. కోడ్ రాసేముందు ఆ ప్రశ్నలో "ఈ విలువ మొదటిసారి ఏ గడిలో ఉండకూడదు?" అని అడుక్కోండి. జవాబుగా వచ్చిన గడిలోనే మైనస్. బస్సులో ఆ గడి 3, మెస్‌లో ఆ గడి 8.

తప్పు రాస్తే ఏమవుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే రెండు తప్పులూ రెండు రకాలుగా బయటపడతాయి. బస్సు లెక్కలో పొరపాటున `b + 1` దగ్గర తీసేశామనుకోండి. కరీంనగర్ 6 కాబట్టి 7వ గడి కావాలి, అది లేదు. పైథాన్ వెంటనే `IndexError` ఇస్తుంది. దాన్ని చూసి అరే సైజు ఒకటి పెంచేస్తే ఎర్రర్ పోతుంది కానీ జవాబు [32, 37, 44, 61, 42, 42] అని వస్తుంది. హుజూరాబాద్‌లో దిగిన 19 మందిని మరో ముక్క దాకా మోసుకెళ్లాం, అందుకే 42 కావలసినచోట 61. సైజు పెంచి ఎర్రర్‌ను దాచడం కంటే ఆ ఎర్రర్ ఎందుకు వచ్చిందో కనుక్కోవడం ముఖ్యం. అది మనకు సరైన సంగతే చెబుతోంది.

మెస్‌లో తప్పు ఇంకోలా ఉంటుంది. ఇద్దరు అతిథులు 7వ తారీఖు ఒక్కరోజే తింటారు, అంటే `l` 7, `r` 7. `r` దగ్గరే తీసేస్తే ఒకే గడిలో +2, −2 పడి సున్నా అవుతుంది. అతిథులు మాయం. ఎర్రర్ ఏమీ రాదు. మిగతా రేంజులన్నీ చివర ఒకరోజు తగ్గి వస్తాయి. అందుకే నేను మొట్టమొదట పెట్టి చూసే టెస్టు ఎప్పుడూ ఒక్క గడి రేంజే.

## అరేలో ముందే విలువలు ఉంటే

బస్సు ఖాళీగా బయలుదేరింది. మెస్‌లో అలా కాదు, రోజూ తినేవాళ్లు ముందే ఉంటారు. మొదటి 8 రోజులకు మామూలు లెక్క ఇలా ఉందనుకుందాం: 40, 40, 40, 40, 40, 40, 26, 40. 7వ తారీఖు ఆదివారం, కొందరు బయట తింటారు కాబట్టి 26. దీని మీద రెండు మార్పులు వచ్చాయి: 3 నుంచి 7 దాకా నలుగురు బంధువులు ఎక్కువ, 6 నుంచి 8 దాకా పదిమంది బతుకమ్మకు ఊరెళ్తున్నారు కాబట్టి 10 తక్కువ.

తగ్గింపు కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు. `v` విలువ −10 అనుకొని అదే రెండు లైన్లు నడపండి. 6 దగ్గర −10 పడుతుంది, 9 దగ్గర +10 పడుతుంది.

ముందున్న విలువలను కలపడానికి రెండు దారులున్నాయి. మొదటిది, మామూలు లెక్కనే తేడాలుగా మార్చడం: ప్రతి గడిలో "నిన్నటికంటే ఎంత ఎక్కువ" అని రాయడం. 1వ గడిలో 40, తర్వాత సున్నాలు, 7 దగ్గర −14, 8 దగ్గర +14. దాని మీదే మార్పుల గుర్తులు వేసి చివర్లో కూడుకుంటూ పోతే తుది లెక్క నేరుగా వస్తుంది. రెండో దారి, తేడాల అరేను సున్నాలతోనే ఉంచి మార్పులు మాత్రమే అందులో వేసి, కూడగా వచ్చిన మొత్తాన్ని చివర్లో మామూలు లెక్కకు కలపడం.

రెండో దారిలో చేసి చూద్దాం. గుర్తులు: 3 దగ్గర +4, 8 దగ్గర −4, 6 దగ్గర −10, 9 దగ్గర +10. 1 నుంచి 8 దాకా కూడుకుంటూ వస్తే 0, 0, 4, 4, 4, −6, −6, −10. మామూలు లెక్కకు కలిపితే 40, 40, 44, 44, 44, 34, 20, 30. 7వ తారీఖు నోటితో సరిచూసుకోండి: 26కు నలుగురు కలిస్తే 30, పదిమంది పోతే 20. మొదటి దారిలో చేసినా ఇవే సంఖ్యలు వస్తాయి.

నేను రెండో దారినే ఇష్టపడతాను. సున్నాలతో మొదలైన తేడాల అరేలో ప్రతి ఆదేశం ఒక ప్లస్, దానికి సమానమైన ఒక మైనస్ వేస్తుంది. కాబట్టి చివర్లో అరే మొత్తం కూడితే సున్నా రావాలి. బస్సు పట్టికలో చూడండి, కరీంనగర్ దాటాక 0 వచ్చింది, బస్సు ఖాళీ అయింది. సున్నా రాకపోతే ఎక్కడో ఒక మైనస్ జారిపోయిందని వెంటనే తెలుస్తుంది. మొదటి దారిలో ఈ చిన్న తనిఖీ ఉండదు. అయితే దీని హద్దు కూడా తెలుసుకోవాలి. ఇది జారిపోయిన మైనస్‌ను పట్టుకుంటుంది కానీ పక్క గడిలో పడ్డ మైనస్‌ను పట్టుకోలేదు. ఇందాక 61 వచ్చిన తప్పు లెక్కలో కూడా మొత్తం సున్నానే.

## అరే సైజు, ఇండెక్స్

మెస్ లెక్కలో రోజులు 1 నుంచి 8. మైనస్ పడగలిగిన చివరి గడి 9. ఇండెక్స్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 0 నుంచి 9 దాకా పది గడులు కావాలి, రోజుల సంఖ్య `n` అనుకుంటే `n + 2`. గడులను 0 నుంచి `n - 1` దాకా లెక్కపెట్టే ప్రశ్న అయితే `n + 1` సరిపోతుంది. చివరి అదనపు గడి జవాబులోకి రాదు, మైనస్ పడటానికి చోటు కోసమే అది.

కొందరు అదనపు గడి పెట్టకుండా `if r + 1 < n` అని షరతు రాస్తారు. అదీ సరైనదే. కానీ అప్పుడు సున్నా తనిఖీ పోతుంది, పైగా షరతు మర్చిపోయే అవకాశం ఉంటుంది. ఒక్క గడి ఎక్కువ పెట్టుకోవడమే హాయి.

సి++లో ఈ గడి లేకపోతే ప్రమాదం ఎక్కువ. `d[n + 1]` అనే గడి లేకపోయినా ప్రోగ్రాం ఆగిపోతుందని నమ్మకం లేదు. పక్కనున్న మరో వేరియబుల్ చోటులో రాసేయవచ్చు. అప్పుడు సంబంధం లేని చోట వింత జవాబు కనిపిస్తుంది, వెతికేవాళ్లు అక్కడే వెతుకుతూ ఉంటారు.

పైథాన్‌లో మరో ఉచ్చు ఉంది. నేనూ ఒకసారి దీనిలో పడి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ప్రశ్నలో గడులు 0 నుంచే లెక్కపెట్టారు. నేను అలవాటుగా 1 నుంచి అనుకొని ప్రతి `l` లోంచి ఒకటి తీసేశాను. `l` 0 అయినప్పుడు అది −1 అయింది. పైథాన్‌లో `d[-1]` అంటే ఎర్రర్ కాదు, చివరి గడి. ప్లస్ పోయి అరే చివర పడింది. మొదటి గడుల్లో జవాబులు తక్కువగా వస్తున్నాయి, మధ్యలో కొన్ని ఒక గడి పక్కకు జరిగి వస్తున్నాయి, మొత్తం కూడితే మాత్రం సున్నానే. ఆరోజు నుంచి ఇన్‌పుట్ చదివిన వెంటనే `assert 0 <= l <= r < n` అని ఒక లైను రాసుకుంటున్నాను. మార్చిన తర్వాతి `l`, `r` మీద అది రాయాలి, మార్చకముందు కాదు.

## నెమ్మది కోడ్‌ను పారేయకండి

ఆ అమ్మాయి మొదట రాసిన నెమ్మది కోడ్ నిజానికి చాలా విలువైనది. అది ప్రశ్నను ఉన్నదున్నట్టు చేస్తుంది, తప్పు జరగడం కష్టం. దాన్ని చెరపకుండా పక్కన పెట్టుకొని కొత్త కోడ్‌ను దానితో పోల్చమన్నాను.

```python
def slow(n, ops):
    a = [0] * (n + 1)
    for l, r, v in ops:
        for i in range(l, r + 1):
            a[i] += v
    return a[1:]

def fast(n, ops):
    d = [0] * (n + 2)
    for l, r, v in ops:
        d[l] += v
        d[r + 1] -= v
    out, s = [], 0
    for i in range(1, n + 1):
        s += d[i]
        out.append(s)
    return out
```

ఇప్పుడు చిన్న చిన్న కేసులు గుడ్డిగా పుట్టించి రెండిటి జవాబులూ ఒకటేనా అని చూడాలి:

```python
import random
for _ in range(1000):
    n = random.randint(1, 6)
    ops = []
    for _ in range(random.randint(0, 5)):
        l = random.randint(1, n)
        r = random.randint(l, n)
        ops.append((l, r, random.randint(-5, 5)))
    assert slow(n, ops) == fast(n, ops), (n, ops)
```

`n` విలువ 6 దాటనివ్వకపోవడం కావాలనే. అరే చిన్నదైతే ఒక్క గడి రేంజులు, చివరి గడిని తాకే రేంజులు, మొత్తం అరేను కప్పే రేంజులు మాటిమాటికీ వస్తాయి. మన తప్పులు దాక్కునేది అక్కడే. పైగా తప్పు దొరికితే ఆ కేసు కాగితం మీద చేత్తో వేసి చూసేంత చిన్నగా ఉంటుంది. `n` వెయ్యి పెట్టి దొరికిన తప్పును ఎవరూ చేత్తో చూడలేరు.

ఈ పోలిక పట్టుకోలేని తప్పు ఒకటుంది: సంఖ్య పొంగిపోవడం. పైథాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు కాబట్టి ఆ బాధ లేదు. సి++లో `int` సాధారణంగా 2147483647 దాకానే పడుతుంది, అంటే సుమారు 214 కోట్లు. ప్రశ్నలో `v` 100 కోట్ల దాకా ఉండవచ్చు అన్నారనుకోండి. ఒకే గడి మీద మూడు ఆదేశాలు పడితేనే హద్దు దాటిపోతుంది. 2 లక్షల ఆదేశాలు పడితే మొత్తం 2 తర్వాత 14 సున్నాలు. ఇన్‌పుట్‌లో ప్రతి సంఖ్యా `int`లో పడుతోంది కదా అని మోసపోతాం, పొంగేది కూడిన మొత్తం. లక్షణం ఏమిటంటే, అన్నీ కూడికలే ఉన్న ప్రశ్నలో జవాబు మైనస్‌లో రావచ్చు. తేడాల అరేకూ, కూడుకుంటూ పోయే `s`కూ రెండిటికీ `long long` పెట్టాలి. ఒకదానికే పెట్టి రెండోదాన్ని మర్చిపోవడం చాలా మామూలుగా చూస్తుంటాను.

## మధ్యలో అడిగితే

ఈ పద్ధతికి ఒక గట్టి షరతు ఉంది: మార్పులన్నీ ముందు రావాలి, ప్రశ్నలు తర్వాత రావాలి. గుర్తులు వేస్తున్నంతసేపూ అరేలో ఉన్నవి తేడాలే, అసలు విలువలు కావు. గుర్తులు వేస్తుండగానే "ఇప్పుడు 5వ గడిలో ఎంత?" అని అడిగితే 1 నుంచి 5 దాకా కూడాలి. అలాంటి ప్రశ్నలు 2 లక్షలు వస్తే, ప్రతిసారీ పొడవునా కూడితే, మళ్లీ మొదటి 4,000 కోట్ల దగ్గరికే వచ్చాం.

కాబట్టి ప్రశ్న చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. మార్పులూ అడగడాలూ కలగలిసి వస్తున్నాయా, లేక "అన్ని మార్పుల తర్వాత" అని ఉందా? తర్వాత అని ఉంటే ఇప్పటిదాకా చెప్పిందంతా సరిపోతుంది. కలగలిసి వస్తే తేడాల అరేను వదిలేయనక్కర్లేదు, దాన్ని ఫెన్విక్ ట్రీలో పెట్టుకోవాలి. పీటర్ ఫెన్విక్ 1994లో ప్రచురించిన నిర్మాణం అది. అందులో ఒక గడిని మార్చడానికీ, మొదటి నుంచి ఒక గడి దాకా మొత్తం తెలుసుకోవడానికీ 2 లక్షల గడుల అరేలో సుమారు 18 అడుగులు చాలు. మనకు కావలసినవి సరిగ్గా ఆ రెండే: `l` దగ్గర మార్పు, `r + 1` దగ్గర మార్పు, అడిగినప్పుడు మొదటి నుంచి మొత్తం. తేడాల ఆలోచన బాగా పట్టుబడినవాళ్లకు ఫెన్విక్ ట్రీ నేర్చుకోవడం చాలా తేలికవుతుంది.

"కలుపు" బదులు "ఈ రేంజ్ అంతా 7 చెయ్" అని ఆదేశం ఉంటే మాత్రం తేడాల అరే పనికిరాదు. చివర వేసే మైనస్ మొదట వేసిన ప్లస్‌ను పూర్తిగా రద్దు చేయాలి, మధ్యలో ఇంకెవరు ఏం చేసినా సరే. 7 చేయడంలో పాత విలువ ఏమిటో పోయింది, దాన్ని చివర తిరిగి తేలేం. వరుస కూడా ముఖ్యమవుతుంది, ముందు 7 చేసి తర్వాత 9 చేయడం వేరు, ముందు 9 చేసి తర్వాత 7 చేయడం వేరు. "7 కంటే ఎక్కువ ఉన్నవాటిని 7కు తగ్గించు" అన్నా ఇదే ఇబ్బంది.

## గడులు కోట్లలో ఉంటే

చివరగా ఒక సందర్భం. మేడారం జాతరకు వచ్చే బండ్ల కోసం ఒక పార్కింగ్ స్థలం ఉందనుకోండి. ప్రతి బండి ఏ సెకనులో వచ్చిందో, ఏ సెకనులో పోయిందో రాసి ఉంది. ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని బండ్లు ఉన్నాయి? ఇది బస్సు లెక్కే, వచ్చినప్పుడు +1, పోయినప్పుడు −1. కానీ సెకన్ల సంఖ్యలు 100 కోట్ల దాకా ఉంటే అన్ని గడుల అరే పెట్టలేం. గడికి 8 బైట్ల చొప్పున 800 కోట్ల బైట్లు అవుతుంది.

బండ్లు లక్షే అయితే లెక్క మారే క్షణాలు 2 లక్షలకు మించవు. మిగతా సెకన్లన్నీ సున్నాలే, వాటిని దాచడం ఎందుకు? అరే బదులు డిక్షనరీ పెట్టి, అందులోని క్షణాలను క్రమంలో పేర్చి కూడుకుంటూ పోవాలి:

```python
from collections import defaultdict

def peak(visits):
    d = defaultdict(int)
    for t_in, t_out in visits:
        d[t_in] += 1
        d[t_out] -= 1
    best = s = 0
    for t in sorted(d):
        s += d[t]
        best = max(best, s)
    return best
```

ఇక్కడ కూడా ఆ చివరి గడి ప్రశ్నే వస్తుంది. ఒక బండి 500వ సెకనులో పోయింది, ఇంకోటి అదే 500వ సెకనులో వచ్చింది. రెండూ ఒకేసారి లోపల ఉన్నట్టా, కాదా? పై కోడ్‌లో ప్లస్, మైనస్ ఒకే గడిలో పడి రద్దయిపోతాయి కాబట్టి కాదు అని జవాబు, బస్సులో హుజూరాబాద్ లాగా. వెళ్లే సెకను కూడా లోపల ఉన్నట్టే లెక్క అని ప్రశ్నలో ఉంటే `d[t_out + 1] -= 1` రాయాలి, మెస్‌లో 7వ తారీఖు లాగా. ఆ అమ్మాయికి చివర్లో ఇదే లెక్క ఇచ్చాను. కీబోర్డు ముట్టకముందు కాగితం మీద రెండు బండ్లు గీసి, "సార్, 500లో వెళ్లిన బండి 500లో లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా?" అని అడిగింది.